412 నుంచి 430 దాకా: ఒక టీఏ బిల్లుల ఫైలు చెప్పిన సంగతులు

టీఏ, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లుల ఫైలు చేతికిస్తే, సీఏ చదువుతూ మా ఆఫీసులో పని నేర్చుకోవడానికి కొత్తగా చేరిన ఆర్టికల్ పిల్లలందరూ చేసే పని ఒకటే. మొదటి బిల్లు తీస్తారు, తేదీ ఉందా, మొత్తం సరిపోయిందా, మేనేజర్ సంతకం ఉందా అని చూస్తారు, పెన్సిల్‌తో టిక్కు పెట్టి రెండో బిల్లుకి వెళ్తారు. సాయంత్రానికి రెండొందల టిక్కులు పడతాయి, తప్పు ఒక్కటీ దొరకదు. నేను కూడా మొదట్లో ఇలాగే చేశాను కాబట్టి వాళ్ళని ఏమీ అనను. కానీ దొంగ బిల్లు గురించి ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఫైల్లో అన్నిటికంటే శుభ్రంగా ఉండేది అదే. నిజంగా ఊళ్ళు తిరిగినోడి బిల్లు నలిగి ఉంటుంది, సాంబారు మరక ఉంటుంది, ఒకదాని మీద తేదీ కనపడదు, ఇంకొకటి పోయి ఉంటుంది. కూర్చుని రాసుకున్న బిల్లులో అన్నీ ఉంటాయి, ఎందుకంటే ఆడిటర్ ఏం చూస్తాడో రాసేవాడికి తెలుసు.

నేను తిరుపతిలో ఇంటర్నల్ ఆడిట్ పనులు చూస్తాను. ఇప్పుడు చెప్పబోయేది పశువుల దాణా అమ్మే ఒక కంపెనీలో జరిగింది. పేరు చెప్పను, మనుషుల్ని గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను కూడా. వాళ్ళకి ఊళ్ళు తిరిగే సిబ్బంది పద్నాలుగు మంది. పీలేరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఇలా తలా ఒక లైను. రూల్సు పెద్దగా ఏమీ లేవు. సొంత బండికి పెట్రోలు బిల్లు పెడితే ఇస్తారు, రాత్రి బస చేస్తే లాడ్జికి బిల్లు మీద 900 దాకా, బయట ఉన్న రాత్రికి బత్తా 300, టీలు ఆటోల్లాంటివి 200 లోపు అయితే బిల్లు అక్కర్లేదు. నెలాఖరుకి అందరూ షీటు రాసి బిల్లులు అంటించి ఇస్తే ఏరియా మేనేజర్ సంతకం పెడతాడు, అకౌంట్స్‌లో ఒకమ్మాయి కూడికలు చూసి డబ్బు వేస్తుంది.

ఆ అర్ధసంవత్సరం, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉన్న ఫైలుని నేను మనిషి వారీగా చూడలేదు. మొత్తం బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి (ఒక ఆర్టికల్ అబ్బాయికి రెండు రోజులు పట్టింది, పాపం) ముందు లాడ్జి పేరు మీద, తర్వాత బిల్లు నంబరు మీద వరస పెట్టాను. మదనపల్లె లైను చూసే ఆయన పెట్టిన లాడ్జి బిల్లులు పంతొమ్మిది, అన్నీ ఒకే లాడ్జివి, ఒక్కోటి 850. ఏప్రిల్ రెండో వారంలో ఉన్న బిల్లు నంబరు 412, నెలాఖరులో 413, మేలో మొదటిది 414. అలా వరసగా పోయి సెప్టెంబరు చివర్లో 430 దగ్గర ఆగింది. మధ్యలో ఒక్క నంబరు కూడా తప్పలేదు. బస్టాండు దగ్గర ఉన్న లాడ్జి ఆరు నెలల్లో ఈయన ఒక్కడికే పంతొమ్మిది బిల్లులు రాసి, ఇంకెవ్వరికీ ఒక్కటి కూడా రాయలేదన్నమాట. లేదంటే ఆ బిల్లు బుక్కు లాడ్జిలో లేదు.

ఒక్కొక్క బిల్లుని విడిగా చూసిన ఆర్టికల్ అబ్బాయి ఆ పంతొమ్మిదింటికీ టిక్కు పెట్టాడు. అతని తప్పేమీ లేదు, విడిగా చూస్తే పంతొమ్మిదీ సక్రమంగానే ఉన్నాయి.

ఇక్కడ ఫ్రాడ్ ట్రయాంగిల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మన పుస్తకాల్లో దాన్ని మూడు మాటలకి కుదించి, పరీక్షలో మూడు మార్కులకి రాయించి వదిలేస్తారు. డొనాల్డ్ క్రెస్సీ అని అమెరికాలో ఒక నేరశాస్త్రవేత్త. నమ్మి డబ్బు చేతికిస్తే దాన్ని తినేసి జైలుకెళ్ళిన వాళ్ళతో కూర్చుని మాట్లాడి, 1953లో తన పరిశోధన అచ్చు వేశాడు. పుట్టుకతో దొంగలైన వాళ్ళ సంగతి ఆయనకి అక్కర్లేదు. నిజాయితీగానే ఉద్యోగంలో చేరి, ఏళ్ళ తరబడి బాగానే ఉండి, ఒక రోజు గీత దాటిన వాళ్ళు ఎందుకు దాటారన్నదే ఆయన ప్రశ్న. మూడూ కలిస్తేనే దాటారని తేల్చాడు. ఒకటి ఒత్తిడి, రెండోది అవకాశం, మూడోది తనకి తాను చెప్పుకునే సమర్థింపు. త్రికోణం బొమ్మ, ఆ పేరు ఆ తర్వాతి వాళ్ళు పెట్టినవి. ఇవాళ మన దేశంలో స్టాట్యుటరీ ఆడిటర్లు పాటించే SA 240 అనే ఆడిటింగ్ ప్రమాణం కూడా మోసాన్ని ఈ మూడు మాటల్లోనే వివరిస్తుంది.

క్రెస్సీ చెప్పిన వాటిలో రెండు సూక్ష్మాలు ఈ కుదింపులో పోతాయి. మొదటిది, ఆయన చెప్పిన ఒత్తిడి ఉత్త డబ్బు అవసరం కాదు, పక్కవాడితో చెప్పుకోలేని అవసరం. ఇంట్లో పెళ్ళి ఉందంటే అందరికీ తెలుసు, అన్నని అడగొచ్చు, కంపెనీలో అడ్వాన్సు అడగొచ్చు. కానీ ఇంట్లో తెలియకుండా పక్కోడి చీటీకి జామీను ఉండి, వాడు చీటీ పాడుకుని ఊరొదిలేస్తే, ఆ కంతులు ఈయన మీద పడితే, అది భార్యకి చెప్పలేడు, అన్నకి చెప్పలేడు. అప్పుడు చేతికి దగ్గరగా ఏది ఉంటే దాని మీదకి చూపు పోతుంది. రెండోది, సమర్థింపు అనేది దొరికాక చెప్పే సాకు కాదు. చేయి చాపక ముందే అది మనసులో ఉంటుంది, అది లేకపోతే చేయి కదలదు. "తీసుకుంటున్నా, వచ్చే నెల తక్కువ రాసి సర్దేస్తా" అనో, "నాకు రావాల్సిందే కదా" అనో ముందే అనుకున్నాకే మొదటి దొంగ బిల్లు పుడుతుంది. అందుకే ఇలాంటివి దొరికినప్పుడు చాలామంది నిజంగానే ఆశ్చర్యపోతారు, నన్ను దొంగ అంటారేంటి సార్ అని. వాళ్ళ లెక్కలో వాళ్ళు దొంగలు కారు మరి.

2004లో వుల్ఫ్, హెర్మన్‌సన్ అని ఇద్దరు దీనికి నాలుగో కోణం కలిపారు, చేయగల సత్తా అని. పెద్ద పెద్ద ఖాతాల మోసాల్లో అది పనికొస్తుంది. టీఏ బిల్లు రాయడానికి ఎంత సత్తా కావాలి చెప్పండి, ఒక బాల్‌పెన్ను చాలు.

ఇప్పుడు ఆడిటర్ వైపు నుంచి చూస్తే, ఈ మూడు కోణాల్లో కాగితాల మీద నేరుగా కనపడేది అవకాశం ఒక్కటే. ఒత్తిడి మనిషి ఇంట్లో ఉంటుంది, సమర్థింపు తలలో ఉంటుంది. కాబట్టి ఫైలు తెరవకముందే నేను అడిగే ప్రశ్న "ఎవడు తింటున్నాడు" అని కాదు, "ఇక్కడ తినాలంటే ఎంత తేలిక" అని. ఈ కంపెనీలో చాలా తేలిక. మేనేజర్ సంతకాల తేదీలు చూశాను, పద్నాలుగు మంది షీట్లూ ప్రతి నెలా ఒకే సాయంత్రం, ఒకే పెన్నుతో. పద్నాలుగు ఫైళ్ళు, ఒక్కో దాంట్లో ముప్పై నలభై కాగితాలు, ఒకే పూటలో చదివి సంతకం పెట్టడం మనిషికి సాధ్యం కాదు. ఇక అకౌంట్స్ అమ్మాయి చూసేది కూడిక, సంతకం. మేనేజర్ చూశాడు కదా అని ఆమె, అకౌంట్స్‌లో చూస్తారు కదా అని ఆయన. అంటే రెండు తాళాలు ఉన్నట్టే ఉండి ఒక్కటీ లేదు. ఇది తిరిగే కుర్రాళ్ళకి తెలియదనుకోకండి, అందరికంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది.

మళ్ళీ 412 దగ్గరికి వద్దాం. వరస నంబర్లు చూడగానే ఎగిరి గంతేయకూడదు. అదే ఫైల్లో కుప్పం లైను చూసే ఆయనకి కూడా రెండు బిల్లులు 1187, 1188 అని వరసగా ఉన్నాయి, కానీ అవి పక్కపక్క రాత్రులవి, చిన్న లాడ్జి, మధ్యలో ఇంకెవరూ బిల్లు అడగకపోయి ఉండొచ్చు. మన వైపు చిన్న లాడ్జీల్లో అడిగితేనే బిల్లు రాస్తారు కదా. రెండు వరసగా ఉంటే యాదృచ్ఛికం, ఆరు నెలల్లో పంతొమ్మిది వరసగా ఉంటే దానికి వేరే వివరణ కావాలి. రెడ్ ఫ్లాగ్ అంటే అంతే, "ఇక్కడ ఆగి చూడు" అనే జెండా, "పట్టుకో" అనే జెండా కాదు. దాన్ని నిజమో కాదో తేల్చడానికి రెండో కాగితం కావాలి, అది కూడా ఆ మనిషి చేతిలో తయారు కాని కాగితమైతే మంచిది.

ఈ కేసులో రెండో కాగితం ఆయన పెట్టిన ఫైల్లోనే దొరికింది. పెట్రోలు బంకుల్లో ఇచ్చే మిషను బిల్లు మీద తేదీతో పాటు టైము కూడా ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు, మొత్తం ఎంతో అదే చూస్తారు. లాడ్జి బిల్లుల తేదీలు ఒక పక్క, పెట్రోలు బిల్లుల తేదీలు, టైములు ఇంకో పక్క పెడితే, పంతొమ్మిది రాత్రుల్లో ఏడు రాత్రులు ఆయన మదనపల్లెలో పడుకున్నట్టు లాడ్జి బిల్లు చెబుతోంది, అదే రోజు రాత్రి తొమ్మిదీ, తొమ్మిదిన్నర ప్రాంతంలో తిరుపతిలో ఇంటి దగ్గరి బంకులో పెట్రోలు పోయించుకున్నట్టు పెట్రోలు బిల్లు చెబుతోంది. తిరుపతి నుంచి మదనపల్లె దాదాపు 120 కిలోమీటర్లు, మధ్యలో భాకరాపేట ఘాటు. రాత్రి తొమ్మిదిన్నరకి తిరుపతిలో పెట్రోలు పోయించి, బైకు మీద ఘాటు ఎక్కి, అర్ధరాత్రి దాటాక లాడ్జిలో దిగేవాడు ఎవడైనా ఉంటాడా? ఒకసారి ఉండొచ్చు. ఏడుసార్లు ఉండడు.

దీనికి కూడా అమాయకమైన వివరణ ఏదైనా ఉందా అని వెతకాలి, అది మన పనిలో భాగం. బండి తమ్ముడికి ఇచ్చి తాను బస్సులో వెళ్ళి ఉండొచ్చు, తమ్ముడు పెట్రోలు పోయించి ఉండొచ్చు. సరే, అలా అయితే లాడ్జి బిల్లు నిజం, కానీ పెట్రోలు బిల్లు కంపెనీది కాదు, తమ్ముడిది. ఎటు తిప్పినా ఆ రెండు కాగితాల్లో ఒకటి తప్పు అన్నది మాత్రం ఖాయం. నాకు ఇలాంటి జతలంటే ఇష్టం, ఎందుకంటే ఇందులో నా అనుమానం లేదు, ఆయన కాగితమే ఆయన కాగితాన్ని కొడుతోంది. మామూలుగా లెక్క పెట్టేవాళ్ళు లాడ్జి బిల్లులన్నీ ఒక ఫైల్లో, పెట్రోలు బిల్లులన్నీ ఇంకో ఫైల్లో అంటిస్తారు, రాసేవాడు కూడా విడివిడిగానే రాస్తాడు, రెండూ ఎప్పుడూ కలుసుకోవు. వాటిని ఒకే తేదీ కింద కలపడమే ఆడిటర్ చేసే అసలు పని.

పెట్రోలు బిల్లుల్లో ఇంకో చిన్న లెక్క ఉంది, ఇది చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది. మామూలు బైకు ట్యాంకులో పట్టేది పది, పన్నెండు లీటర్లు. ఈయన పెట్టిన వాటిలో మూడు బిల్లులు 1,700 చొప్పున ఉన్నాయి. లీటరు 110 వేసుకున్నా పదిహేను లీటర్లు దాటుతుంది. ట్యాంకు బొట్టు లేకుండా ఎండిపోయి ఉన్నా పట్టదు. అంటే అది ఏ కారుదో బిల్లు. బంకు దగ్గర కార్లవాళ్ళు బిల్లు తీసుకోకుండా వెళ్ళిపోతారు, ఆ బిల్లులు అక్కడే పడి ఉంటాయి, తెలిసిన కుర్రాడు ఉంటే ఏరి ఇస్తాడు. అందుకే బిల్లు మొత్తం కాకుండా లీటర్లు చూడాలి. ఒక చిక్కు ఏంటంటే ఈ మిషను కాగితం మీద అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, ఆరు నెలల తర్వాత ఆడిట్‌కి వెళ్తే తెల్ల కాగితాలు చూపిస్తారు. క్లెయిమ్ పెట్టిన రోజే ఫొటో తీసి ఉంచమని నేను ప్రతి రిపోర్టులో రాస్తాను, సగం చోట్ల చేయరు.

తర్వాత లాడ్జి. ఇక్కడ నేను ఇదివరకు ఒకసారి చేసిన తెలివితక్కువ పని చెబుతాను. చాలా ఏళ్ళ కింద వేరే చోట ఇలాంటి అనుమానమే వచ్చి, నేరుగా ఆ మనిషికి ఫోన్ చేసి "ఏమయ్యా, ఈ బిల్లులు వరసగా ఉన్నాయేంటి" అని అడిగేశాను. మర్నాడు లాడ్జికి ఫోన్ చేస్తే ఓనరు ఎంతో మర్యాదగా "అవును సార్, మా దగ్గరే దిగుతారు, మంచి మనిషి" అన్నాడు. రాత్రికి రాత్రి ఇద్దరూ మాట్లాడుకున్నారు, కేసు అక్కడితో అయిపోయింది. అప్పటి నుంచి వరస మార్చాను. ముందు కాగితాలు మన దగ్గర భద్రం కావాలి, అసలు బిల్లులు ఫైల్లోంచి తీసి కవర్లో పెట్టి, కాపీలు ఫైల్లో ఉంచాలి. తర్వాత బయటి సాక్ష్యం. ఆ మనిషితో మాట్లాడటం అన్నిటికంటే చివర.

ఈసారి మా ఆర్టికల్ అబ్బాయి వేరే పని మీద మదనపల్లె వెళ్తూ అదే లాడ్జిలో మామూలు మనిషిలా ఒక రాత్రి దిగి బిల్లు అడిగి తెచ్చాడు. అది కంప్యూటర్ బిల్లు. ఆ లాడ్జి చేతిరాత బుక్కు మానేసి చాలా రోజులైందట. ఫైల్లో ఉన్నవన్నీ పాత బుక్కులో చేత్తో రాసినవి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే దాన్ని కూడా జీఎస్టీ పోర్టల్లో `Search Taxpayer` దగ్గర కొట్టి చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు, పేరు, రిజిస్ట్రేషన్ బతికుందా రద్దయిందా చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నంబరైతే 37తో మొదలవ్వాలి, మొత్తం పదిహేను అక్షరాలు ఉండాలి. కానీ నంబరు తప్పుగా ఉన్నంత మాత్రాన మన ఉద్యోగి దొంగ అని కాదు, ఆ హోటలువాడే రద్దయిన నంబరు మీద పన్ను వసూలు చేసుకుంటూ ఉండొచ్చు, మనవాడు తిని డబ్బు కట్టాడు అంతే. ఈ కేసులో లాడ్జి నంబరు నిజమైనదే, దాని వల్ల నాకేమీ తేలలేదు. నిజమైన లాడ్జి నిజమైన బుక్కు మీద అబద్ధం రాస్తే పోర్టల్ ఏం చేస్తుంది!

ఒకే బిల్లు రెండుసార్లు పెట్టారా అన్నది చూడటం మాత్రం నిమిషం పని. B కాలమ్‌లో షాపు పేరు, C కాలమ్‌లో బిల్లు నంబరు ఉంటే ఇది చాలు, 1 కంటే ఎక్కువ వస్తే ఆ వరస ఆగి చూడాలి:

```
=COUNTIFS(B:B,B2,C:C,C2)
```

ఇది ఒక మనిషి షీటు మీద కాకుండా పద్నాలుగు మందిదీ కలిపి వేయాలి, ఎందుకంటే ఇద్దరు కలిసి వెళ్ళి ఒకే గది తీసుకుని అదే బిల్లుని ఇద్దరూ పెట్టడం మామూలు. యూపీఐ స్క్రీన్‌షాట్లు పెట్టే చోట బిల్లు నంబరు బదులు పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు ఎక్కించండి. స్క్రీన్‌షాట్ మీద తేదీ, మొత్తం మార్చడం ఇప్పుడు పిల్లలకి కూడా వచ్చు, కానీ నంబరు మార్చడం చాలామంది మర్చిపోతారు. అనుమానం వస్తే బ్యాంకు స్టేట్‌మెంటు అడగడమే, స్క్రీన్‌షాట్‌ని స్క్రీన్‌షాట్‌తో పోల్చి లాభం లేదు.

సహజంగా వచ్చిన మొత్తాల్లో 1తో మొదలయ్యేవి ఎక్కువ, 9తో మొదలయ్యేవి తక్కువ ఉంటాయంటుంది బెన్‌ఫర్డ్ సూత్రం. కొందరు ఇలాంటి చోట అది వేసి మొదటి అంకెల లెక్క తీస్తారు, చూడ్డానికి బావుంటుంది. కానీ 900 పరిమితి, 200 పరిమితి అని గీతలు గీసి ఉన్న చోట అంకెలు ఎలాగూ సహజంగా ఉండవు, ఆ సూత్రం అందరినీ దొంగలనే చూపిస్తుంది. దానికంటే 180 నుంచి 200 మధ్య ఎన్ని క్లెయిములు ఉన్నాయో వేళ్ళ మీద లెక్క పెట్టడం మేలు. ఈ కంపెనీలో బిల్లు అక్కర్లేని చిల్లర ఖర్చుల్లో సగానికి పైగా 190, 195, 198 ఇలా ఉన్నాయి. అది ఒకరిద్దరివి కాదు, దాదాపు అందరివీ! ఇది నన్ను వేరే వైపుకి తిప్పింది, దాని దగ్గరికి వస్తాను.

మధ్యలో ఒక మాట. తిరుపతిలో హెడ్డాఫీసు ఉన్న ఏ కంపెనీ అయినా ఇంకో రకం బిల్లు గురించి తెలుసుకోవాలి. బయటి బ్రాంచీల వాళ్ళకి హెడ్డాఫీసులో పని ఎప్పుడూ శుక్రవారమో శనివారమో పడుతుంది. రూమ్ బిల్లు తీసి చూస్తే పెద్దలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు అని ఉంటుంది. స్వామి దర్శనానికి కంపెనీ ఖర్చు. దీన్ని మోసం అనడానికి మన ఊళ్ళో ఎవరికీ నోరు రాదు, మేనేజర్లు నవ్వి సంతకం పెడతారు. కానీ సొంత ఖర్చుని కంపెనీ ఖర్చుగా రాయడం, ఉన్న ఖర్చుని పెంచి రాయడం, లేని ఖర్చుని పుట్టించడం, ఒకే ఖర్చుని రెండుసార్లు పెట్టడం, ఈ నాలుగూ ఒకే జాతివే. బ్రహ్మోత్సవాలప్పుడు రూమ్ రేట్లు రెట్టింపైన బిల్లు వస్తే మాత్రం అది అనుమానం కాదు, ఆ వారం తిరుపతిలో అంతే.

సరే, మాట్లాడే రోజు వచ్చింది. హెచ్చార్ ఆవిడ పక్కన ఉన్నారు, నేను కాగితాలేవీ బల్ల మీద పెట్టలేదు. మదనపల్లె వెళ్తే మామూలుగా ఎక్కడ దిగుతారు, బిల్లు ఎవరిస్తారు, ఎలా ఇస్తారు అని అడిగాను. "కౌంటర్లో కుర్రాడు చేత్తో రాసిస్తాడు సార్" అన్నాడు. అన్ని సార్లూ చేత్తోనేనా? "ఎప్పుడూ అంతే సార్." రాత్రి పూట బండి ఎవరికైనా ఇస్తారా? "లేదు సార్, నా బండి నేనే నడుపుతా." అది రాసుకున్నాక, మా అబ్బాయి తెచ్చిన కంప్యూటర్ బిల్లు, ఆ పంతొమ్మిది బిల్లులు, ఏడు పెట్రోలు బిల్లులు ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. ముందే కాగితాలు చూపించి ఉంటే తమ్ముడు, బస్సు, పాత బుక్కు, అన్ని కథలూ వచ్చేవి.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, లాడ్జిలో పనిచేసే కుర్రాడు సగం మిగిలిన పాత బుక్కు ఇచ్చాడని, నిజంగా బస చేసింది నాలుగు రాత్రులని చెప్పాడు. మిగతా రోజులు రాత్రికి ఇంటికి వచ్చేశాడు. పైన చీటీ జామీను గురించి రాసింది ఊరికే కాదు, ఆయన చెప్పిందే. ఇంట్లో ఇప్పటికీ తెలియదట. కానీ నన్ను ఆపింది ఆయన చెప్పిన రెండో మాట. "సార్, ఏప్రిల్‌లో నేను పెట్టిన బిల్లు జూలైలో ఇచ్చారు. మూడు నెలలు నా జేబులోంచి పెట్రోలు పోసుకుని కంపెనీ దాణా అమ్మినా. నేను కట్టిన వడ్డీ ఎవరిస్తారు? నేను వేసుకున్నది ఆ వడ్డీనే."

సమర్థింపు అంటే ఇదీ. లెక్కగా చూస్తే ఆ వడ్డీ ఆయన తిన్నదాంట్లో చిన్న వంతు కూడా రాదు, అది ఆయనకీ తెలుసు. కానీ ఆ మాటలో అబద్ధం లేదు కదా. నేను చెల్లింపుల తేదీలు తీశాను, పద్నాలుగు మందికీ సగటున రెండున్నర నెలలు ఆలస్యం. చిల్లర ఖర్చుల్లో 190లు, 198లు అందరి షీట్లలోనూ ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. 900కి ఇప్పుడు మంచి గది ఎక్కడా రావడం లేదు, మిగతాది వాళ్ళు చేతి నుంచి పెట్టుకుని చిల్లర కింద రాసుకుంటున్నారు. పదమూడు మంది ఆ గీత దగ్గర ఆగారు, ఒకాయన దాటాడు. ఒత్తిడి ఆయన ఇంటి నుంచి వచ్చింది, అవకాశమూ సమర్థింపూ మాత్రం కంపెనీ దగ్గరుండి ఇచ్చింది.

రిపోర్టులో ఏం రాయాలన్నది ఇంకో తలనొప్పి. ఇంటర్నల్ ఆడిటర్ పోలీసు కాదు, మోసం జరగొచ్చన్న ప్రమాదాన్ని గుర్తుపట్టేంత జ్ఞానం మనకి ఉండాలి గానీ, దర్యాప్తు చేసి నేరం తేల్చడం మన పని కాదు. అందుకే "మోసం చేశాడు" అన్న మాట వాడలేదు. ఏడు రాత్రుల లాడ్జి 5,950, ఆ రాత్రుల బత్తా 2,100, ఇవి ఆయన పెట్టిన ఇతర బిల్లులతోనే పొసగడం లేదని ఒక చోట రాశాను. మొత్తం పంతొమ్మిది బిల్లుల 16,150 ఒకే బుక్కులో వరస నంబర్లలో ఉన్నాయని, లాడ్జి ఇప్పుడు ఇచ్చే బిల్లు వేరే రకమని ఇంకో చోట రాశాను. ఆయన ఒప్పుకున్నది హెచ్చార్ రాసుకున్న కాగితంగా విడిగా జత చేశాను. ఈ మూడింటినీ కలిపి ఒకే పెద్ద అంకె చేసి భయపెడితే, రేపు అందులో ఒక్క బిల్లు నిజమని తేలినా మిగతాదంతా కొట్టుకుపోతుంది. ఆయన బస చేసిన నాలుగు రాత్రులు కూడా ఆ పంతొమ్మిదిలోనే ఉన్నాయి మరి.

పై వాళ్ళు రిపోర్టు చూసి ఆయన్ని ఆ వారమే తీసేశారు. లాడ్జికి బిల్లు అడగడం మానేసి, బయట ఉన్న రాత్రికి ఊరిని బట్టి ఇంత అని స్థిరంగా ఇవ్వమని, టూరు నిజంగా చేశాడా లేదా అన్నది డీలర్ల దగ్గర తీసుకున్న ఆర్డర్లతో సరిచూడమని, క్లెయిములు పదిహేను రోజుల్లో తీర్చమని నేను రాసిన వాటిలో మొదటిది ఒప్పుకున్నారు, మూడోది "చూద్దాం" అన్నారు.

"ఆయన్ని పంపించేశాం కదండీ, ఇంక ఈ ఫైలు మూసేయొచ్చు కదా" అని అడిగారు మీటింగులో. ఏరియా మేనేజర్ క్లెయిములు ఎవరు పాస్ చేస్తారని అడిగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ మేనేజర్ ఫైలు తెప్పించాను, నెలకి పెద్దగా ఏమీ లేదు, ఆరు నెలల్లో ఒక్క భోజనం బిల్లు కూడా లేదు. ఊళ్ళు తిరిగే మనిషి ఆరు నెలలు ఎక్కడా అన్నం తినకుండా ఉంటాడా అని వెనక్కి వెళ్ళి వెతికితే, ఆయన భోజనాల బిల్లులు కింది కుర్రాళ్ళ షీట్లలో ఉన్నాయి. నలుగురికి భోజనం, కుర్రాడు డబ్బు కట్టి క్లెయిము పెట్టాడు, దాని కింద పాస్ చేస్తూ సంతకం పెట్టింది ఆ భోజనం తిన్న మేనేజరే.